పే నొక్కాక కస్టమర్ డబ్బు ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఎలా? (సొంత సైట్‌లో అమ్మేవాళ్ల కోసం)

అనంతపురం, కర్నూలు, కడప వైపు సొంత వెబ్‌సైట్ పెట్టుకుని అమ్ముతున్నవాళ్లు నన్ను అడిగేది చాలావరకు ఒకే ప్రశ్న. "కస్టమర్ డబ్బులు కట్టానంటున్నాడు. నా దగ్గర ఆర్డర్ పెండింగ్ అని చూపిస్తోంది. సరుకు పంపాలా వద్దా?" ధర్మవరం చీరలు అమ్మే అక్క అడిగినా, సోనా మసూరి బియ్యం అమ్మే అన్న అడిగినా ప్రశ్న మారదు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

ముందే ఒక మాట. "మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు" అనే పేజీ డబ్బు వచ్చిందనడానికి రుజువు కాదు. ఆ పేజీ రాకపోవడం కూడా డబ్బు రాలేదనడానికి రుజువు కాదు. పే నొక్కినప్పటి నుంచి ఆ పేజీ కనిపించేదాకా గడిచే కొన్ని సెకన్లలో మీ సర్వర్, మీ తరఫున డబ్బు తీసుకునే గేట్‌వే, కస్టమర్ బ్యాంకు, కస్టమర్ ఫోను ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎక్కడ మాట తెగిందో చూడటం వస్తే జవాబు మీరే చెప్పుకోగలరు.

ఉదాహరణలకు వూకామర్స్ సైటు, రేజర్‌పే గేట్‌వే తీసుకుంటున్నాను. నేను చూసే షాపుల్లో ఈ జోడీయే ఎక్కువ. మీది వేరే గేట్‌వే అయితే పేర్లు మారతాయి గానీ వరస ఇదే.

కావలసినవి

- సైట్ అడ్మిన్ లాగిన్, గేట్‌వే డాష్‌బోర్డ్ లాగిన్. రెండూ మీ చేతిలోనే ఉండాలి. "సైట్ చేసిన అబ్బాయి దగ్గర ఉంది" అంటే కుదరదు.
- పది రూపాయల ధర పెట్టిన ఒక టెస్ట్ ప్రొడక్ట్. కూపన్లు, డెలివరీ ఛార్జీలు దీనికి తగలకుండా చూసుకోండి.
- యూపీఐ ఉన్న ఒక ఫోన్. ర్యామ్ తక్కువున్న పాత ఫోన్ అయితే ఇంకా మంచిది, ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.
- అరగంట తీరిక. గిరాకీ ఎక్కువుండే సాయంత్రం పూట వద్దు.

1. పే నొక్కగానే ఆర్డర్ సరిగ్గా పుడుతోందా చూడండి

కస్టమర్ బటన్ నొక్కగానే డబ్బు కదలదు. ముందు మీ సర్వర్ గేట్‌వేని "ఇంత మొత్తానికి ఒక ఆర్డర్ తెరువు" అని అడుగుతుంది. గేట్‌వే `order_` తో మొదలయ్యే ఒక నంబర్ ఇస్తుంది. ఈ ఆర్డర్ పేరు మీదే తర్వాత పేమెంట్ జరుగుతుంది.

టెస్ట్ ప్రొడక్ట్‌ని కార్ట్‌లో వేసి, పే నొక్కి, యూపీఐ కట్టకుండా అక్కడే ఆగండి. డాష్‌బోర్డ్‌లో Orders తెరవండి. పది రూపాయల ఆర్డర్ ఒకటి `created` అని కనబడాలి. సైట్ అడ్మిన్‌లో అదే సమయానికి ఒక ఆర్డర్ Pending payment అని ఉండాలి. రెండూ ఉంటే ఈ మెట్టు దాటినట్టే.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. మొదటిది పైసల గొడవ. గేట్‌వేకి మొత్తం పైసల్లో పంపాలి, అంటే ₹6,450 చీరకు `645000`. చేత్తో కోడ్ రాయించుకున్న సైట్లలో వందతో గుణించడం మర్చిపోతే కస్టమర్‌కు ₹64.50 చూపిస్తుంది. వాళ్లు సంతోషంగా కట్టేస్తారు కూడా. రెండోది ఇంకా ప్రమాదం: మొత్తాన్ని సర్వర్ సొంతంగా లెక్కకట్టకుండా కస్టమర్ బ్రౌజర్ పంపిన అంకెనే వాడటం. బ్రౌజర్‌లో ఉన్న అంకెను తెలిసినవాడు ఎవడైనా మార్చగలడు. రెడీమేడ్ ప్లగిన్ వాడేవాళ్లకు ఈ రెండు భయాలూ ఉండవు. కోడ్ రాయించుకున్నవాళ్లు మాత్రం రాసినవాళ్లను కూర్చోబెట్టి "ధర ఎక్కడి నుంచి తీసుకుంటున్నావు?" అని సూటిగా అడగండి.

2. డబ్బు కదిలే చోట మీరు చేయగలిగింది లేదు, నంబర్ మాత్రం పట్టుకోండి

ఇప్పుడు యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, కస్టమర్ పిన్ కొడతారు. అక్కడి నుంచి మాట యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ద్వారా కస్టమర్ బ్యాంకుకు వెళ్తుంది, బ్యాంకు డబ్బు తీస్తుంది, గేట్‌వే తరఫు బ్యాంకుకు జమ అవుతుంది, అయిందో లేదో జవాబు వెనక్కి వస్తుంది. కార్డు అయితే పిన్ బదులు బ్యాంకు పేజీలోనో గేట్‌వే విండోలోనో ఓటీపీ. ఈ భాగంలో మీ సైటుకు ఏమీ కనిపించదు, కనిపించకూడదు కూడా. యూపీఐ పిన్ మీ సైట్ పేజీలోనే అడుగుతోందంటే ఎక్కడో పెద్ద తేడా ఉంది. అమ్మకం ఆపేసి సైట్ చూపించుకోండి.

మీకు పనికొచ్చేది యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల నంబర్. కస్టమర్ యాప్‌లో అది యూటీఆర్ అనో, రిఫరెన్స్ నంబర్ అనో కనిపిస్తుంది. రేపు గొడవ వస్తే కస్టమర్‌ని అడగాల్సింది ఈ నంబర్, మొత్తం, సమయం. స్క్రీన్‌షాట్ కాదు. స్క్రీన్‌షాట్‌లో అంకెలు మార్చడానికి ఫోన్‌లోనే యాప్‌లున్నాయి.

ఇదే మెట్టులో ఒక సెట్టింగ్ చూసుకోండి. గేట్‌వే దగ్గర పేమెంట్ మొదట `authorized` అవుతుంది, ఆ తర్వాత `captured` అవుతుంది. మొదటి మాటకు అర్థం బ్యాంకు సరేనంది అని. రెండోదానికి అర్థం ఆ డబ్బు మీరు తీసుకున్నారు అని. క్యాప్చర్ చేయకుండా వదిలేస్తే గడువు తర్వాత డబ్బు కస్టమర్‌కే తిరిగి వెళ్లిపోతుంది. డాష్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో క్యాప్చర్ ఆటోమేటిక్ అని పెట్టుకోండి. సరుకు పంపేశాక "డబ్బులు సెటిల్‌మెంట్‌లో రాలేదే" అని వెతుక్కునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

3. బ్రౌజర్ మూసేసి పరీక్షించండి

మొత్తం వ్యవహారంలో అసలు పరీక్ష ఇది. ఎక్కువమంది చేయనిదీ ఇదే.

డబ్బు కట్టాక ఆ వార్త మీ సైటుకు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కస్టమర్ ఫోన్ గుండా: యూపీఐ యాప్ నుంచి బ్రౌజర్‌కు తిరిగి వచ్చినప్పుడు పేమెంట్ నంబర్, ఆర్డర్ నంబర్, ఒక సంతకం లాంటి పొడవాటి అక్షరాల వరస మీ సైటుకు చేరతాయి. రెండోది గేట్‌వే సర్వర్ నుంచి నేరుగా మీ సర్వర్‌కు. దీన్ని వెబ్‌హుక్ అంటారు. మొదటి దారి కస్టమర్ ఫోన్ మీద, సిగ్నల్ మీద ఆధారపడుతుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్లలో యూపీఐ యాప్ తెరుచుకోగానే వెనకున్న బ్రౌజర్‌ను ఫోనే మూసేస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడవుతుంది, వార్త మధ్యలోనే పోతుంది. రెండో దారికి ఫోన్‌తో పని లేదు.

పరీక్ష ఇలా చేయండి:

క) ఫోన్‌లో పది రూపాయల ప్రొడక్ట్ తీసుకుని యూపీఐతో కట్టండి. పిన్ కొట్టాక యాప్‌లో టిక్ పడగానే బ్రౌజర్‌కు తిరిగి వెళ్లకండి. ఇటీవలి యాప్‌ల జాబితాలోకి వెళ్లి బ్రౌజర్‌ను పూర్తిగా తోసేయండి.

ఖ) ఒక పావుగంట ఆగి సైట్ అడ్మిన్ చూడండి. ఆర్డర్ తనంతట తానే Processing కు మారి ఉండాలి. మారితే మీ వెబ్‌హుక్ పనిచేస్తోంది.

గ) ఇంకా Pending payment అనే ఉందా? డాష్‌బోర్డ్‌లో ఆ పేమెంట్ చూడండి. అక్కడ `captured` అని ఉంటే డబ్బు వచ్చింది, వార్త మాత్రం మీ సైటుకు చేరలేదు. తప్పు వెబ్‌హుక్‌లో ఉంది.

వెబ్‌హుక్ పనిచేయకపోతే ఈ వరసలో వెతకండి. మొదట, లైవ్ మోడ్‌లో వెబ్‌హుక్ అసలు పెట్టారా? టెస్ట్ మోడ్‌లో పెట్టింది లైవ్‌కు రాదు, విడిగా పెట్టాలి. తర్వాత అడ్రస్. డొమైన్ మార్చినా, `www` తీసేసినా పాత అడ్రసే ఉండిపోతుంది. ఆ తర్వాత సెక్యూరిటీ ప్లగిన్. గేట్‌వే నుంచి వచ్చిన పిలుపును ఎవరో దొంగ అనుకుని 403 చెప్పి వెనక్కి పంపేస్తుంది. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో యాక్సెస్ లాగ్ తెరిచి, ఆ నిమిషంలో వెబ్‌హుక్ అడ్రస్ పక్కన అందిందని చెప్పే 200 ఉందో, వెనక్కి పంపిన 403 ఉందో చూడండి. 403 అయితే ఆ అడ్రస్‌ను ప్లగిన్‌లో అనుమతించండి. ప్లగిన్ మొత్తాన్నే ఆపేయకండి.

చేరని వెబ్‌హుక్‌ను గేట్‌వే 24 గంటలపాటు మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. అప్పటికీ కుదరకపోతే దాన్ని ఆపేసి మీకు మెయిల్ పెడుతుంది. ఆ మెయిల్ ఎవరికి వెళ్తోందో చూసుకోండి. చాలాచోట్ల అది సైట్ చేసినవాళ్ల పాత మెయిల్‌కు పోతుంటుంది.

కోడ్ రాయించుకున్నవాళ్లు ఇంకొకటి తనిఖీ చేయాలి. బ్రౌజర్ దారిలో వచ్చిన సంతకాన్ని సర్వర్ సరిచూస్తోందా? పీహెచ్‌పీలో అయితే ఇంతే:

```php
$expected = hash_hmac('sha256', $order_id . '|' . $payment_id, $key_secret);
$ok = hash_equals($expected, $signature);
```

ఇందులో `$order_id` మీ డేటాబేస్‌లో దాచుకున్నది కావాలి, బ్రౌజర్ పంపినది కాదు. వెబ్‌హుక్‌కు వచ్చే సంతకం వేరు. దానికి వెబ్‌హుక్ పెట్టినప్పుడు మీరిచ్చిన సీక్రెట్ వాడాలి, వచ్చిన సందేశాన్ని ఒక్క అక్షరం మార్చకుండా లెక్కకట్టాలి. ఈ రెండు సీక్రెట్లను కలిపేసుకుని తిప్పలు పడేవాళ్లే ఎక్కువ.

4. ఒకే వార్త రెండుసార్లు వస్తే ఏమవుతుందో చూడండి

వెబ్‌హుక్ అందగానే మీ సర్వర్ వెంటనే "అందింది" అని 200 చెప్పాలి. 5 సెకన్లు దాటితే అందలేదనుకుని గేట్‌వే మళ్లీ పంపుతుంది. కొన్ని సైట్లు ఎస్సెమ్మెస్, మెయిల్, ఇన్‌వాయిస్ అన్నీ ముగించుకుని తీరిగ్గా జవాబు చెప్తాయి. అప్పుడు అదే వార్త రెండోసారి వస్తుంది. కస్టమర్‌కు రెండు ఎస్సెమ్మెస్‌లు పోతాయి, స్టాక్ రెండు తగ్గుతుంది.

చూడటం సులువే. టెస్ట్ ప్రొడక్ట్ స్టాక్ 5 అని పెట్టి ఒకటి కొనండి. కాసేపటి తర్వాత 4 ఉండాలి. 3 ఉంటే మీ సైట్ ఒకే వార్తను రెండుసార్లు నమ్మింది. గేట్‌వే ప్రతి వార్తతో పాటు `x-razorpay-event-id` అనే గుర్తు పంపుతుంది. దాన్ని దాచుకుని, అదే గుర్తు మళ్లీ వస్తే పట్టించుకోకుండా వదిలేసేలా రాయించండి.

5. కన్ఫర్మేషన్ పేజీని నేరుగా తెరిచి చూడండి

ఇది ఒక్క నిమిషం పని. టెస్ట్ ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టకుండా, ధన్యవాదాల పేజీ అడ్రస్‌ను ఇన్‌కాగ్నిటో విండోలో చేత్తో టైప్ చేయండి. ఆ ఆర్డర్ Processing కు మారిందా? మారితే ఆ సైటును ఈ రోజే మూసి బాగు చేయించండి. పేజీ తెరుచుకోవడాన్నే డబ్బు వచ్చినట్టుగా లెక్కేస్తోంది అది.

సరైన పేజీ తన డేటాబేస్‌లో ఉన్నదే చూపిస్తుంది. జవాబు ఇంకా రాకపోతే "పేమెంట్ సంగతి చూస్తున్నాం, ఈ పేజీ దానంతటదే మారుతుంది" అని రాసి, కొన్ని సెకన్లకోసారి సర్వర్‌ను అడుగుతూ ఉండాలి. ఆ సమయంలో "మళ్లీ కట్టండి" అనే బటన్ ఉండకూడదు. టెన్షన్‌లో ఉన్న కస్టమర్‌కు బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండరు.

6. నిజంగా ఇరుక్కున్నప్పుడు: ఒక చీర లెక్క

ఊహించుకోండి. మీది అనంతపురంలో చీరల షాపు. ₹6,450 పట్టు చీర, ఒక్కటే పీసు. కర్నూలు నుంచి బస్సులో వస్తున్న ఒకావిడ 4:10కి పే నొక్కింది, పిన్ కొట్టింది, డోన్ దాటాక సిగ్నల్ పోయింది. సిగ్నల్ వచ్చాక బ్యాంకు ఎస్సెమ్మెస్ వచ్చింది, డబ్బు కట్ అయింది. సైట్ తెరిచి అదే చీర మళ్లీ కొనబోతే స్టాక్ లేదంది. ఫోన్ చేసింది: "అక్కా, డబ్బులు కట్ అయినాయి, ఆర్డర్ మాత్రం పడలేదు. నా చీర ఇంకెవరికో పోయిందా ఏంది?"

పోలేదు. ఆమె ఆర్డర్ కోసమే సైట్ ఆ చీరను పట్టి ఉంచింది. వూకామర్స్‌లో Hold stock (minutes) అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మామూలుగా అది 60. అంటే 5:10 లోపు డబ్బు వార్త చేరకపోతే ఆర్డర్ రద్దయి చీర మళ్లీ అమ్మకానికి వస్తుంది. ఒక్క పీసు సరుకు అమ్మేవాళ్లకు అసలు ప్రమాదం ఇక్కడే. మొదటావిడ డబ్బు మీ దగ్గర, చీర రెండో ఆవిడ కార్ట్‌లో. కాబట్టి ఫోన్ వచ్చిన వెంటనే చూడాలి, "రేపు చూస్తాలే" అనకూడదు.

ఆమెను యూటీఆర్, మొత్తం, సమయం అడగండి. డాష్‌బోర్డ్‌లో 4:10 ప్రాంతంలో ₹6,450 పేమెంట్ వెతికి తెరిచి, అందులోని బ్యాంకు రిఫరెన్స్ ఆమె చెప్పిన నంబరుతో కలుస్తోందో చూడండి. అప్పుడు మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

`captured` అని ఉంటే డబ్బు మీదే. ఆర్డర్‌ను చేత్తో Processing కు మార్చి, `pay_` తో మొదలయ్యే నంబర్‌ను ఆర్డర్ నోట్‌లో రాసి, చీర ప్యాక్ చేసుకోండి. తర్వాత తీరిగ్గా మూడో మెట్టుకు వెళ్లి వెబ్‌హుక్ ఎందుకు రాలేదో చూడండి.

`failed` అని ఉండి ఆమె ఖాతాలో డబ్బు తగ్గి ఉంటే చీర పంపకండి, డబ్బూ పంపకండి. ముందు ఒక పావుగంట ఆగి మళ్లీ చూడండి, ఎందుకంటే బ్యాంకు జవాబు ఆలస్యమైతే విఫలం అన్నదే తర్వాత విజయంగా మారడం ఉంది. మారకపోతే ఆ డబ్బు మీ దగ్గరకు రాలేదు, ఆమె బ్యాంకే వెనక్కి వేయాలి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం, షాపుకు కట్టిన యూపీఐ డబ్బు ఖాతాలో తగ్గి షాపుకు ఖాయం కాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు ₹100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి. ఆమెను తన యూపీఐ యాప్‌లోని ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు పెట్టమనండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే `cms.rbi.org.in` లో అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. అలా దొరికే నంబర్లలో మోసగాళ్లవి చాలా ఉంటాయి.

అసలు ఏ పేమెంటూ కనిపించకపోతే లైవ్ బదులు టెస్ట్ మోడ్ చూస్తున్నారేమో ముందు సరిచూసుకోండి. అది కాకపోతే ఆ డబ్బు మీ గేట్‌వేకి రాలేదు. యాప్‌లో ఎవరి పేరుకు వెళ్లిందో ఆమెనే చదివి చెప్పమనండి. మీ షాపు పేరుతో ఎవరో పంపిన క్యూఆర్‌కు కట్టి ఉండొచ్చు. అప్పుడు ఆమె వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డబ్బు రెండుసార్లు వచ్చిందని తేలితే, వాటిలో ఒకదాన్ని డాష్‌బోర్డ్‌లో ఆ పేమెంట్ తెరిచి Refund నొక్కే తిరిగివ్వండి. "పాపం, వెంటనే వేసేద్దాం" అని మీ సొంత ఫోన్ నుంచి వేయకండి. అటు గేట్‌వే నుంచి కూడా ఆ డబ్బు వెనక్కి పోతే మీకు రెండింతల నష్టం, పైగా రికార్డులో రిఫండ్ ఇచ్చినట్టు ఉండదు. డాష్‌బోర్డ్ నుంచి ఇచ్చింది ఆమె కట్టిన ఖాతాకే వెళ్తుంది. మామూలుగా 5 నుంచి 7 పనిదినాలు పడుతుందని ముందే చెప్పేయండి.

మూడో మెట్టులోని బ్రౌజర్ మూసేసే పరీక్షను పేమెంట్ ప్లగిన్ అప్‌డేట్ చేసినప్పుడు, హోస్టింగ్ గానీ డొమైన్ గానీ మార్చినప్పుడు, కొత్త సెక్యూరిటీ ప్లగిన్ వేసినప్పుడు మళ్లీ చేయండి. దసరా, పెళ్లిళ్ల సీజన్‌కు వారం ముందు కూడా ఒకసారి. అయిపోయాక ఆ పది రూపాయలను డాష్‌బోర్డ్ నుంచి మీకు మీరే రిఫండ్ కొట్టుకోండి. రిఫండ్ బటన్ పనిచేస్తోందో లేదో కూడా దాంతోనే తెలుస్తుంది.